ఎర్ర వెల్వెట్ మీద బంగారు గాజు ఎందుకు రాగిలా పడుతుంది?

మా పిన్ని వాట్సాప్‌లో వన్ గ్రామ్ గోల్డ్ గాజులు అమ్ముతుంది. ఈమధ్య రెండు పార్సిళ్లు వెనక్కి వచ్చాయి. ఇద్దరిదీ ఒకటే మాట: "ఫొటోలో రాగి రంగులో ఉన్నాయి, వచ్చినవి పసుపు." ఫోన్ మార్చాలేమో అని పిన్ని అడిగింది. చూస్తే తప్పు ఫోన్‌ది కాదు, గాజుల కింద పరిచిన ఎర్ర వెల్వెట్‌ది.

అక్కడ రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. పాలిష్ చేసిన లోహం అద్దం లాంటిది కాబట్టి గాజు లోపలి వైపు వెల్వెట్ ఎరుపు ప్రతిఫలించి రాగిలా కనిపిస్తుంది. ఇంకోవైపు, ఫ్రేమ్ నిండా ఎరుపే ఉంటే ఫోన్‌లోని ఆటో వైట్ బ్యాలెన్స్ వెలుతురే ఎర్రగా ఉందనుకుని ఎరుపును తగ్గించేస్తుంది. దాంతో పైభాగం పాలిపోతుంది. ఒకే గాజులో రెండు రంగులు కనిపిస్తే కారణం ఇదే అనుకోవచ్చు.

కిటికీ పక్కన, లైట్లు ఆపేసి, అదే గాజుతో మూడు చార్టులు ప్రయత్నించాను.

తెలుపు: ఫోన్ ఆ తెలుపును తగ్గించబోయి గాజును కూడా చీకటి చేసింది. ఎక్స్‌పోజర్ స్లైడర్ కొంచెం పైకి జరిపితే సరిపోయింది.

నలుపు: ఇక్కడ ఉల్టా. ఫోన్ వెలుతురు పెంచేసింది, మెరుపు ఉన్న చోట చెక్కుడు పని తెల్ల మచ్చగా మారింది. స్లైడర్ కిందికి దించాల్సి వచ్చింది.

ముదురు నీలం: పసుపుకు నీలం ఎదురు రంగు, అందుకే గాజు స్పష్టంగా విడిగా కనిపించింది. కానీ మెరిసే కాగితం వాడకండి, మ్యాట్‌దే తీసుకోండి. గాజు కింద చిన్న రబ్బరు ముక్క పెట్టి కాస్త ఎత్తితే అంచుకు నీలం అంటదు.

నేను నీలాన్నే ఎంచుకున్నాను. అయితే నీలం కూడా వైట్ బ్యాలెన్స్‌ను తప్పుదారి పట్టించగలదు. కాబట్టి ముందు గాజు పెట్టే చోట తెల్ల కాగితం పెట్టి, ప్రో మోడ్‌లో WB స్లైడర్‌ను ఆ కాగితం తెల్లగా కనిపించేదాకా జరపండి. తర్వాత కాగితం తీసేసి, స్లైడర్ కదపకుండా ఫొటో తీయండి. వెలుతురు మారితే మళ్లీ చేయాల్సిందే.

స్టీలు గ్లాసుకు ఈ లెక్క పనిచేయదు. దానికి సొంత రంగు దాదాపు లేదు, చుట్టూ ఉన్నదే చూపిస్తుంది. తెల్ల చార్టు మీద పెడితే అంచులు మాయమైపోతాయి. వెనక లేత బూడిద రంగు చార్టు పెట్టి, ఫ్రేమ్‌లో పడకుండా రెండు పక్కలా నల్ల చార్టు ముక్కలు నిలబెట్టండి. గ్లాసు అంచుల వెంట నల్ల గీతలు వస్తాయి, ఆకారం తెలుస్తుంది. గాజు సీసాకూ అంతే, కాకపోతే వెలుతురు వెనక నుంచి రావాలి.

ఒక్క చిక్కు: అమెజాన్‌లో మెయిన్ ఫొటోకు పూర్తి తెలుపే కావాలి (RGB 255, 255, 255). అప్పుడు కూడా ఆ నల్ల ముక్కలే అంచుల్ని కాపాడతాయి.

పిన్ని కొత్త ఫొటోలు పెట్టే ముందు గాజును స్క్రీన్ పక్కన పట్టుకుని పోల్చి చూస్తోంది. మీరూ అలాగే చూసి పెట్టండి.