సందేహాలు - సమాధానాలు: డ్యూటీ చార్టు గొడవకు రెండు రహస్య కాగితాలు

ప్రశ్న: మాది రావిర్యాల. అవుటర్ రింగ్ రోడ్డుకు దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రిలో నర్సులకు శిక్షణ ఇస్తుంటాను. డ్యూటీ చార్టు గోడకు అంటించిన రోజు ఎవరో ఒకరు సూపర్‌వైజర్‌తో గొడవ పడాల్సిందే. ఎలా మాట్లాడుకోవాలో నేర్పుదామని ఇద్దరి చేత ఆ సన్నివేశం వేయించాను. "నాకు నైట్ వద్దు మేడమ్", "వేయక తప్పదు సిస్టర్" అని నాలుగుసార్లు అనుకుని ఆగిపోయారు. లోపం ఎక్కడుంది?

జవాబు: మీరు పాత్రలు ఇచ్చారు కానీ వాళ్ల చేతిలో సంగతులేమీ పెట్టలేదు. అందుకే ఇద్దరికీ "వద్దు", "తప్పదు" తప్ప మాట దొరకలేదు. విదేశాలకు వెళ్లాలని ఓఈటీ పరీక్ష రాసిన సిస్టర్లు మీ దగ్గర ఉంటే అడిగి చూడండి. అందులో నర్సు చేతికి ఒక కార్డు, ఎదుట రోగిగా మాట్లాడేవారి చేతికి మరో కార్డు ఇస్తారు. ఒకరి కార్డు ఇంకొకరు చూడరు. మీ సన్నివేశానికీ అదే పద్ధతి కావాలి. ఇద్దరూ చదివే ఉమ్మడి కాగితం ఒకటి, ఎవరిది వారే చదువుకునే రహస్య కాగితాలు రెండు తయారు చేయండి. నమూనాగా ఒక ప్రసూతి వార్డును ఊహించి రాస్తున్నాను.

*ఉమ్మడి కాగితం:* "ఉదయం డ్యూటీ 8 నుంచి 2 దాకా, మధ్యాహ్నం డ్యూటీ 2 నుంచి 8 దాకా, నైట్ రాత్రి 8 నుంచి తెల్లారి 8 దాకా. ప్రతి డ్యూటీలో ఇద్దరు ఉండాలి. వార్డుకు ఏడుగురు నర్సులు, వారిలో ముగ్గురు సీనియర్లు. ఒక్కొక్కరికి వారానికి 48 గంటలు. వచ్చే వారం చార్టులో ఈ నర్సుకు బుధ, గురువారాలు నైట్ పడింది."

*నర్సు కాగితం:* "మీరు సీనియర్. వచ్చే వారం నైట్ చేయలేనని చెప్పడానికి వచ్చారు. సోమవారం నుంచి శుక్రవారం దాకా మీ భర్తకు కంపెనీలో రాత్రి షిఫ్టు. నాలుగేళ్ల పాపను చూసుకునేవాళ్లు లేరు. శని, ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉంటారు. పోయినసారి ఇంటి సంగతి చెబితే 'ఇళ్లు అందరికీ ఉన్నాయి' అన్నారు. అందుకే ఈసారి కారణం చెప్పకూడదనుకున్నారు. మనస్ఫూర్తిగా అడిగితే చెప్పండి. బుధ, గురువారాల నైట్‌కు మాత్రం ఒప్పుకోవద్దు."

*సూపర్‌వైజర్ కాగితం:* "నైట్‌లో ఇద్దరూ జూనియర్లే ఉండకూడదన్నది మీ పట్టుదల. పోయిన నెల అలా ఉన్న ఒక రాత్రి బాలింతకు ఇవ్వాల్సిన మందు మోతాదు మారబోయింది. ఆఖరి నిమిషంలో చూసుకున్నారు. ఆ ఇద్దరి పేర్లు బయటపెట్టవద్దు. మిగతా సీనియర్లలో ఒకరికి సోమ, మంగళ, శుక్రవారాలు నైట్, ఇంకొకరికి శని, ఆదివారాలు. ఈ రెండో ఆమె తల్లికి ఆపరేషన్ అయింది. శని, ఆదివారాల రాత్రులు తల్లి దగ్గర ఉండాలని, మిగతా రాత్రులు అక్క చూసుకుంటుందని నిన్న మీతో చెప్పారు. మీరింకా జవాబివ్వలేదు. ఒకరికి సడలిస్తే అందరూ అడుగుతారని మీ భయం."

ముందు ఉమ్మడి కాగితంలోని లెక్క చూడండి. రోజుకు రెండు ఆరు గంటల డ్యూటీలు, ఒక పన్నెండు గంటల డ్యూటీ, ప్రతిదానికీ ఇద్దరు. అంటే రోజుకు 48 గంటలు, వారానికి 336. ఏడుగురు 48 గంటల చొప్పున చేస్తే వచ్చేదీ 336 గంటలే. ఒక్క గంట కూడా మిగలదు కాబట్టి "ఈ ఒక్కసారికి వదిలేయండి" అంటే కుదరదు. సర్దుబాటు చార్టు లోపలే దొరకాలి.

ఇప్పుడు రెండు రహస్య కాగితాలూ పక్కపక్కన పెట్టండి. ఈ నర్సు శని, ఆదివారాల నైట్ తీసుకుని, రెండో సీనియర్ బుధ, గురువారాలకు మారితే ఇద్దరి ఇళ్లూ నిలబడతాయి. ప్రతి రాత్రీ ఒక సీనియర్ ఉంటారు. ఎవరి గంటలూ పెరగవు. పగటి డ్యూటీలను ఆ మేరకు జరుపుకుంటే చాలు. అయితే ఈ దారి ఏ ఒక్కరి కాగితంలోనూ లేదు. శని, ఆదివారాలు భర్త ఇంట్లో ఉంటారన్నది నర్సుకే తెలుసు. అవే రాత్రులు ఖాళీ పడబోతున్నాయన్నది సూపర్‌వైజర్‌కే తెలుసు. మీ కాగితాలు సరిగా కుదిరాయో లేదో తెలుసుకోవాలంటే ఒక వాక్యం కొట్టేసి చూడండి. "శని, ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉంటారు" అన్నది తీసేస్తే పరిష్కారమే పోతుంది. ఏ వాక్యం తీసినా తేడా రాకపోతే ఆ కాగితంలో పసలేదని అర్థం.

ప్రశ్న: రహస్య కాగితంలోని సంగతి ఎదుటివారికి చెప్పేయవచ్చా? మా దగ్గర ఒకమ్మాయి మొదటి నిమిషంలోనే అంతా చదివేసింది. ఇంకొకమ్మాయి కాగితంలో లేని జ్వరం తెచ్చి చెప్పింది.

జవాబు: ఆ రెండూ కాగితం రాసినవారి పొరపాట్లే. ఏది ఎప్పుడు చెప్పాలో కాగితంలోనే రాయాలి. మా నమూనాలో మూడు రకాలున్నాయి. నైట్ చేయలేననే మాట వెంటనే చెప్పేది. పాప సంగతి అడిగితే చెప్పేది. జూనియర్ల పేర్లు ఎంత అడిగినా చెప్పకూడనివి. ఈ మూడో రకాన్ని వదిలేయకండి. పేర్లు చెప్పకుండానే "రాత్రిపూట సీనియర్ ఎందుకు కావాలో" వివరించడం సూపర్‌వైజర్ నేర్చుకోవాల్సిన పని.

కల్పనను అరికట్టడానికి ఉమ్మడి కాగితం అడుగున ఒక నియమం రాయండి: "లేని సంగతి పుట్టించకూడదు. చెప్పడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని చెప్పవచ్చు." జ్వరం అని చెప్పిన క్షణంలో సూపర్‌వైజర్ ఆలోచన సిక్ లీవు వైపు వెళుతుంది, శని, ఆదివారాల మాటే రాదు. అబద్ధం వల్ల ఏం పోతుందో అక్కడ కళ్లకు కడుతుంది.

ఇంకొకటి, కాగితంలో సంభాషణ రాయవద్దు. "కోపంగా మాట్లాడండి" అని కూడా రాయవద్దు. పోయినసారి విన్న ఆ ఒక్క మాట చాలు, కోపం దానంతటదే వస్తుంది.

ప్రశ్న: ఎంతసేపు నడపాలి? రాజీ కుదరకపోతే శిక్షణ వృథా అయినట్టేనా?

జవాబు: చదువుకోవడానికి 5 నిమిషాలు, మాట్లాడుకోవడానికి 10, తర్వాత చర్చకు కనీసం 20 ఇవ్వండి. నేర్చుకునేది ఆ 20 నిమిషాల్లోనే. అప్పుడు కాగితాలు మార్చుకుని చదవమనండి. "ఇది ముందే తెలిస్తే ఏం అడిగేదానివి?" అని ఇద్దరినీ అడగండి. రాజీ కుదరని జంటకే ఈ చర్చ ఎక్కువ ఉపయోగం.

మాటలు నడుస్తుండగా మీరు ఒక్కటే రాసుకోండి. "ఎందుకు", "ఏ రోజు అయితే కుదురుతుంది" అన్న ప్రశ్న మొదట ఎవరి నోట, ఎన్నో నిమిషంలో వచ్చింది? ఆ ప్రశ్న రాని జంట, నర్సు కాగితంలో ఒప్పుకోవద్దని ఉన్నా, సాధారణంగా "ఒక నైట్ చేయి, ఒకటి వదిలేస్తా" దగ్గర ఆగుతుంది. చూడటానికి అది న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ ఒక్క రాత్రి పాప ఒంటరిగా ఉంటుంది, వదిలేసిన రాత్రి వార్డులో సీనియర్ ఉండరు.

మేరీ పార్కర్ ఫాలెట్ అనే అమెరికన్ రచయిత్రి సగం సగం రాజీకీ, ఇద్దరి అవసరమూ తీర్చడానికీ ఉన్న ఈ తేడాను 1925లోనే చెప్పారు. లైబ్రరీ గదిలో ఒకరు కిటికీ తెరవాలన్నారు, ఆమె మూయాలన్నారు. చివరకు పక్క గది కిటికీ తెరిచారు. ఆయనకు కావలసింది గాలి. ఆమెకు వద్దనిపించింది నేరుగా మీదికి వచ్చే ఈదురుగాలి. సగం తెరిచి ఉంటే ఇద్దరికీ తృప్తి ఉండేది కాదు.

చివరగా ఒక మాట. ఈ అభ్యాసం నైట్‌ను ఒకరి నుంచి ఇంకొకరికి మార్చగలదు కానీ గంటలను పుట్టించలేదు. ఏడుగురిలో ఒక్కరు సెలవు పెట్టినా వారానికి 48 గంటలు తరుగుతాయి, ఎంత చక్కగా మాట్లాడుకున్నా అవి పూడవు. చర్చ ముగిశాక మీ వార్డుకూ ఇలాంటి గంటల లెక్కను ఒక కాగితం మీద రాసి యాజమాన్యానికి పంపండి. మా నమూనా వార్డుకైతే ఎనిమిదో నర్సు కావాలి.