బ్లూప్రింట్: అధ్యాయాలకూ ఆలోచనా స్థాయిలకూ మార్కుల పంపకం

పోటీ పరీక్షల ప్రత్యేకం: డీఎస్సీ, టెట్

బ్లూప్రింట్ అంటే ప్రశ్నపత్రం రాయకముందే వేసుకునే పట్టిక. అడ్డు వరుసల్లో అధ్యాయాలు, నిలువు వరుసల్లో లక్ష్యాలు ఉంటాయి. ప్రశ్నల రకం మూడో పరిమాణం.

40 మార్కుల గణిత పరీక్షనే తీసుకోండి. మూడు అధ్యాయాలకు 10, 6, 4 పీరియడ్లు పట్టాయి. అదే నిష్పత్తిలో మార్కులు 20, 12, 8. లక్ష్యాలవారీగా జ్ఞానం 30 శాతం, అవగాహన 40 శాతం, వినియోగం 30 శాతం అనుకుంటే 12, 16, 12 మార్కులు. ఇప్పుడు గడులు నింపాలి. మొదటి అధ్యాయానికి 6, 8, 6. రెండోదానికి 4, 4, 4. మూడోదానికి 2, 4, 2. అడ్డు వరుసల మొత్తాలు కూడినా, నిలువు వరుసల మొత్తాలు కూడినా 40 రావాలి. రాకపోతే ఎక్కడో గడి తప్పింది.

అసలు చిక్కు గడికి పెట్టిన పేరులో ఉంది. పాఠ్యపుస్తకంలో సాధించి చూపిన లెక్కనే అంకెలతో సహా ఇస్తే, 'వినియోగం' గడిలో ఉన్నా అది జ్ఞాపకాన్నే పరీక్షిస్తుంది. 'లేదా' ప్రశ్నలతోనూ జాగ్రత్త: రెండు ప్రత్యామ్నాయాలూ ఒకే గడిలోంచి రాకపోతే, విద్యార్థి ఎంపికను బట్టి పట్టిక మారిపోతుంది.

తరచూ అడిగేవి: బ్లూప్రింట్ ప్రధానంగా కాపాడేది విషయ సప్రమాణతను. బ్లూమ్ వర్గీకరణ 1956లో వచ్చింది. ఆండర్సన్, క్రాత్‌వోల్ సవరణ 2001లో. పాత క్రమంలో చివరి మెట్టు మూల్యాంకనం, సవరించినదానిలో సృజించడం. ఈ తేడా మీదే ఎక్కువమంది పొరబడతారు.