కాళ్ల వాపు మామూలేనా?

ప్రశ్న: మా కోడలికి ఎనిమిదో నెల. కాళ్లు వాస్తున్నాయి. కడుపుతో ఉన్నప్పుడు ఇది మామూలే అంటే ఆశా కార్యకర్త ఒప్పుకోవడం లేదు. ఏం చేయాలి? – ఒక అత్తగారు, పలమనేరు

జవాబు: ఒక చిన్న కథ చెబుతాను. అక్కడా అత్తగారు ఇదే అన్నది: “మాకూ వాచినాయి, మేం కనలేదా?”

ఆశా ఎదురు చెప్పలేదు. కోడలి చెయ్యి పట్టుకుంది. గాజులు బిగుసుకుని చర్మంలో దిగబడి ఉన్నాయి. “అక్కా, కాళ్ల వాపు రాత్రి పడుకుంటే తగ్గాల. ఈ పాపకు పొద్దున్నే మొహం, చేతులు ఉబ్బినాయి. తల నొప్పిగా ఉందామ్మా?”

“రెండు రోజులుగా. కళ్ల ముందు మెరుపుల మాదిరి కూడా వస్తున్నాయి,” అంది కోడలు. అత్తకు ఈ మాట అప్పుడే తెలిసింది.

ఉపకేంద్రంలో బీపీ 160/110. మూత్రంలో ప్రోటీన్ పడింది. వెంటనే 108లో తిరుపతి ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రికి పంపారు. అక్కడ బీపీ తగ్గించే మందుతో పాటు, ఫిట్స్ రాకుండా మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఇచ్చారు.

కడుపుతో ఉన్నప్పుడు వచ్చే ఈ బీపీ జబ్బు ఉప్పు మానేస్తే తగ్గదు. అసలు వాపు లేకుండానే బీపీ పెరగొచ్చు. అందుకే మీ కోడలికి ఈరోజే బీపీ చూపించండి. 140/90 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే డాక్టరును కలవండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసక, డొక్కల కింద నొప్పి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.