పరామర్శకు ఇప్పుడే వెళ్లండి

ప్రశ్న: నా స్నేహితురాలూ నేనూ ఇంటర్ నుంచి కలిసి ఉన్నాం. వాళ్లమ్మగారికి కాలేయ క్యాన్సర్. ఇక వైద్యంతో ప్రయోజనం లేదు, ఇంటికి తీసుకెళ్లమని డాక్టర్లు చెప్పి నెల దాటింది. అన్నయ్య అమెరికాలో ఉంటాడు. ఉద్యోగానికి సెలవు పెట్టి తనొక్కతే చూసుకుంటోంది. నేను రోజూ ఫోన్ చేసి ధైర్యం చెప్పేదాన్ని. మొన్న వెక్కివెక్కి ఏడుస్తుంటే ‘అమ్మ ఇంకా ఉంది కదే, ఇప్పుడే ఏడుపేంటి’ అన్నాను. అప్పటి నుంచి నా ఫోన్ ఎత్తడం లేదు. ఇప్పుడు నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వాళ్లమ్మగారు ఉన్న మాట నిజమే. కానీ మీ స్నేహితురాలు ఎరిగిన అమ్మ కొద్దికొద్దిగా వెళ్లిపోతోంది. ఆఫీసు నుంచి ఆలస్యమైతే ఫోన్ చేసే అమ్మ, ఆవకాయకు కాయలు ఏరి తెచ్చే అమ్మ, కూతురు ఏడిస్తే దగ్గరకు తీసుకునే అమ్మ ఇప్పుడు లేదు. ఆ అమ్మకు కూతురే ఒళ్లు తుడుస్తోంది, బట్టలు మారుస్తోంది, రెండు చెంచాల జావ తాగమని బతిమాలుతోంది. మునుపటి అమ్మను ఆమె ఇప్పటికే పోగొట్టుకుంది. ఆమె ఏడ్చింది ఆ అమ్మ కోసం.

చావుకు ముందే మొదలయ్యే ఈ దుఃఖం వైద్యులకు కొత్తది కాదు. అమెరికాలో ఎరిక్ లిండెమన్ అనే మానసిక వైద్యుడు 1944లోనే దీని గురించి రాశాడు. యుద్ధానికి వెళ్లినవాళ్లు ఇంకా బతికే ఉన్నా, ఇళ్లలో వాళ్ల కోసం దుఃఖించడాన్ని ఆయన గమనించాడు. అయితే ముందే ఏడ్చినంత మాత్రాన తర్వాతి ఏడుపు తగ్గిపోతుందని అనుకోకండి. చాలామందికి రెండూ ఉంటాయి.

మనిషి పోయాక ఏం చేయాలో మన ఊళ్లలో అందరికీ తెలుసు. బంధువులొస్తారు, పక్కింటివాళ్లు అన్నం వండి పంపుతారు, పదో రోజు దాకా ఎవరో ఒకరు పక్కన ఉంటారు. ఏడిస్తే ఎవరూ తప్పుపట్టరు. పోకముందు ఈ ఏర్పాటేదీ లేదు. పైగా బతికుండగా ఏడిస్తే అశుభం అంటారు. అందుకే మీ స్నేహితురాలు ఒంటరిదైంది. పోయాక చేసే పరామర్శను మీరు ఇప్పుడే మొదలుపెట్టండి.

ముందు ఒక మెసేజ్ పంపండి. ‘ఆ రోజు నిన్ను ఏడవద్దనడం తప్పే. అమ్మను అలా చూస్తుంటే ఎవరికైనా ఏడుపొస్తుంది. దీనికి జవాబివ్వక్కర్లేదు. బుధవారం సాయంత్రం నాలుగింటికి వస్తాను. ఆరింటి దాకా అమ్మ దగ్గర నేను కూర్చుంటాను, నువ్వు పడుకో. వద్దనిపిస్తే ఒక్క మాట పెట్టు’ అని రాయండి. ‘ఏం కావాలన్నా అడుగు’ అంటే ఆమె అడగదు. ఏం కావాలో ఆలోచించే ఓపిక కూడా ఆమెకు ఉండదు. ఏ రోజు, ఏ సమయానికి వస్తారో మీరే చెబితే ఆమె సరే అంటే సరిపోతుంది.

వెళ్లినప్పుడు క్యారియర్‌లో పప్పు, చారు, పెరుగన్నం లాంటివి తీసుకెళ్లండి. ‘అమ్మకెలా ఉంది’ అని అందరూ అడుగుతూనే ఉంటారు. మీరు ‘రాత్రి నీకు నిద్ర పట్టిందా?’ అని అడగండి. ఆమె మాట్లాడితే మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి. మాట్లాడకపోతే ఊరికే కూర్చోండి. ఫలానా ఊళ్లో పసరు మందుతో ఎవరికో నయమైందట అనే కబురు మాత్రం మోసుకెళ్లకండి. అది వింటే అమ్మకు చేయాల్సింది చేయలేదేమోనన్న అపరాధ భావం ఆమెకు మిగులుతుంది.

ఆమెను ఎక్కువగా పీడించేది బహుశా తిండి విషయం. చూడటానికొచ్చిన ప్రతి ఒక్కరూ ‘ఏమీ పెట్టడం లేదా, ఇలా చిక్కిపోయింది’ అంటారు. అన్నయ్య కూడా రోజూ ఫోన్‌లో అదే అడుగుతూ ఉండొచ్చు. చివరి వారాల్లో శరీరం ఆహారాన్ని వాడుకోలేదు, ఆకలి దానంతటదే తగ్గుతుంది. బలవంతంగా పోస్తే పొరబోయి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది. అడిగితే ఒక చెంచా ఇవ్వడం, తడి దూదితో పెదాలు తడపడం చాలు. మీ స్నేహితురాలికి ఈ ఒక్క మాట చెప్పండి: ‘అమ్మ తినకపోవడం వల్ల పోవడం లేదు. వెళ్లే దశ వచ్చింది కాబట్టి తినడం లేదు.’ అన్నయ్యకు, బంధువులకు ఇదే సంగతి వివరించే బాధ్యతను, ఆమె ఒప్పుకుంటే, మీరు తీసుకోండి. ఆ ఫోన్లు తప్పడమే ఆమెకు పెద్ద విశ్రాంతి.

అమ్మగారు నొప్పితో మూలుగుతుంటే మాత్రం ఓర్చుకోమని ఊరుకోకండి. నొప్పి తగ్గించి చివరి రోజులు సుఖంగా గడిచేలా చూసే వైద్యాన్ని పాలియేటివ్ కేర్ అంటారు. హైదరాబాద్ ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. మీ జిల్లా ప్రభుత్వాసుపత్రిలో ఈ సేవ గురించి, ఇంటికొచ్చి చూసే బృందం గురించి వాకబు చేసి, ఆ వివరాలు ఆమె చేతికివ్వండి.

ప్రశ్న: మా స్నేహితుడి తండ్రి పక్షవాతంతో ఏళ్ల తరబడి మంచం మీదే ఉన్నారు. ఇప్పుడు చివరి దశ. ‘నాన్న త్వరగా వెళ్లిపోతే బాగుండురా’ అన్నాడు వాడు. ‘కన్నతండ్రి గురించి అలా అనొచ్చా’ అని మందలించాను. నేనన్నది తప్పా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ ఉద్దేశం మంచిదే, కానీ మాట తప్పు. వీపు మీద పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి తండ్రిని పక్కకు తిప్పే కొడుకు, రాత్రిళ్లు ఆయన గురక వింటూ కూర్చునే కొడుకు, ఆ బాధ ముగియాలని కోరుకుంటాడు. తన అలసట కూడా ముగియాలని కోరుకుంటాడు. తండ్రి మీద ప్రేమ ఉన్న మనసులోనే ఈ కోరికా ఉంటుంది. చాలామంది దాన్ని పైకి అనలేరు. మీ వాడు మీ మీద నమ్మకంతో అన్నాడు.

వెళ్లి ‘ఆ రోజు నిన్ను మధ్యలో ఆపేశాను. ఇప్పుడు చెప్పరా, వింటాను’ అనండి. విన్నాక ‘అలా అనిపించినంత మాత్రాన నువ్వు చెడ్డ కొడుకువి కావు’ అని చెప్పండి. రేపు తండ్రి పోయాక అతనికి మొదట ఊరట కలగొచ్చు, ఆ వెంటనే సిగ్గు వేయొచ్చు. అప్పుడు ఈ మాట అతనికి పనికొస్తుంది. కర్మలు ముగిసి బంధువులు వెళ్లిపోయిన మర్నాడు మళ్లీ వెళ్లండి. ఏళ్ల తరబడి మందుల వేళల ప్రకారం నడిచిన ఇంట్లో ఆ రోజు అతనికి ఏం చేయాలో తోచదు.

ఒక జాగ్రత్త. తండ్రి గురించి అలా అనడం వేరు, ‘నాకూ బతకాలని లేదు’ అనడం వేరు. ఆ రెండో మాట విన్నా, తిండీ నిద్రా పూర్తిగా మానేశాడని గమనించినా, ఒంటరిగా వదలకుండా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఈ రెండు ఉత్తరాలు చదివిన మిగతావారికీ ఒక మనవి. స్నేహితుల ఇంట్లో ఎవరైనా పోతే పదో రోజుకు ఎలాగోలా సెలవు సంపాదించుకుని వెళ్తాం. ఆ సెలవుల్లో ఒక రోజు ఇప్పుడే, మనిషి ఉండగానే పెట్టి వెళ్లండి.