ప్రాసిక్యూషన్ తొలి పలుకు: మూట్ కోర్టు పిల్లలకు అయిదు మాటలు

ప్రాసిక్యూటర్‌గా రిటైరయ్యాక మూట్ కోర్టుల్లో బెంచి మీద కూర్చుంటున్నాను. అక్కడ తరచూ ఇచ్చే కల్పిత కేసు ఇలా ఉంటుంది. బ్యాంకు ఆఫీసర్నంటూ ఒకడు ఫోన్ చేసి, కేవైసీ పేరుతో ఒక రిటైర్డ్ టీచరమ్మ దగ్గర ఓటీపీ రాబట్టాడు. ఆమె ఖాతాలోంచి రూ.1,80,000 వేరొకరి ఖాతాలోకి పోయింది. ఆ ఖాతాదారు అదే రోజు సెల్ఫ్ చెక్కుతో డబ్బు తీశాడు. ఫోన్ చేసినవాడు దొరకలేదు.

1. బోనులో ఎవరున్నారో చూడండి. సైబర్ నేరాలు పెరిగిపోతున్నాయన్న ఉపన్యాసంతో మొదలుపెట్టకండి. మీ ముద్దాయి ఖాతాదారు. "స్నేహితుడు అడిగితే ఖాతా వాడుకోనిచ్చాను, నాకేం తెలీదు" అంటాడు. టీచరమ్మ మోసపోయిందన్నది ఎవరూ కాదనరు. అది మోసం సొమ్మని అతనికి తెలుసా అన్నదే అసలు తగువు.

2. సెక్షన్లు అతనికి అతకాలి. సెషన్స్ విచారణలో ప్రాసిక్యూటర్ అభియోగమేమిటో, దాన్ని ఏ సాక్ష్యంతో రుజువు చేస్తాడో చెప్పి కేసు ప్రారంభించాలని బీఎన్ఎస్ఎస్ 249 అంటుంది. మోసానికి బీఎన్ఎస్ 318(4), ఆఫీసర్నని నటించి మోసగించినందుకు ఐటీ చట్టం 66డి. కానీ నటించింది ఫోన్ చేసినవాడు. అతనితో ముద్దాయిని ముడివేసేది 61(2), నేరపూరిత కుట్ర. దాన్ని వదిలేస్తే ఎదుటి లాయరు పని సగం మీరే చేసినట్టు.

3. గడియారం పట్టుకుని కథ చెప్పండి. "యువర్ ఆనర్, 11:05కి టీచరమ్మకు ఫోన్ వచ్చింది. 11:20కి డబ్బు పోయింది. 11:25కి అదే నంబరు నుంచి ముద్దాయికి ఫోన్ వెళ్లింది. 11:50కి అతను బ్యాంకు కౌంటరు దగ్గర చెక్కు మీద సంతకం పెట్టాడు." ఆ 11:25 కాల్ దగ్గర ఒక్క క్షణం ఆగండి. తెలుసా లేదా అన్న ప్రశ్నకు మీ బలమైన జవాబు అదే.

4. రుజువు కానిది పలకకండి. పోలీసుల ముందు నేరం ఒప్పుకున్నాడన్న మాట తేవద్దు, బీఎస్ఏ 23 ఒప్పుకోదు. సీసీటీవీ కాపీ, కాల్ రికార్డులు చూపాలంటే సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి. పాత చట్టంలోని 65బి సర్టిఫికెట్ గురించి సుప్రీంకోర్టు 2020లో అర్జున్ పండిట్‌రావు కేసులో గట్టిగానే చెప్పింది. ఫైల్లో ఆ కాగితం లేకపోతే ఆ ఫుటేజీ ఊసెత్తకండి. చెక్కు మీద సంతకం, కౌంటరు క్లర్కు సాక్ష్యం ఉన్నాయిగా!

5. వాదన చివరికి ఉంచండి. తొలి పలుకులో కఠిన శిక్ష అడగకూడదు, ముద్దాయిని తిట్టకూడదు. బ్యాంకు మేనేజరు, ఫోన్ కంపెనీ అధికారి, దర్యాప్తు చేసిన ఇన్‌స్పెక్టరు, ఒక్కొక్కరు ఏ విషయం చెబుతారో ఒక్కో వాక్యంలో చెప్పి కూర్చోండి. ఇక్కడ ఇచ్చిన ప్రతి మాటనూ విచారణ ముగిసేనాటికి జడ్జిగారు సాక్ష్యంతో సరిచూస్తారు.