రెండు నిమిషాల వీడియో, మూడు చిత్తుప్రతులు

పోయిన ఏడాది మా శిక్షణ విభాగం నాకో పని అప్పగించింది. కొత్తగా చేరే ప్రొబేషనరీ ఆఫీసర్లకు ఆఫీసు మెయిల్ ఎలా రాయాలో చూపించే చిన్న వీడియోలు ఆరు కావాలి, ఒక్కొక్కటి రెండు నిమిషాలు, స్క్రిప్టు మీరు రాయండి అన్నారు. ఇన్నేళ్లుగా మెయిళ్లు రాస్తూ, అంతకు పదింతలు చదువుతూ ఉన్నదాన్ని కదా, ఒక ఆదివారం మధ్యాహ్నం చాలనుకున్నాను. మొదటి వీడియోకే మూడు ఆదివారాలు పట్టాయి.

మొదటి చిత్తుప్రతిలో పది సూత్రాలు వరుసగా చెప్పాను. సబ్జెక్టు స్పష్టంగా ఉండాలి, క్లుప్తంగా రాయాలి, అటాచ్‌మెంట్ మరచిపోకూడదు, ఇలా. ఈమధ్యే ఇంజనీరింగ్ పూర్తిచేసి ఉద్యోగంలో చేరిన మా అక్క కూతురికి చదివి వినిపించాను. ఓపిగ్గా విని, "ఇవన్నీ నాకు తెలిసినవే పిన్నీ. అయినా మొన్న మా మేనేజర్‌కి పంపిన మెయిల్‌కి ఇంకా జవాబు రాలేదు. ఎందుకు రాలేదో ఇందులో ఎక్కడా లేదే" అంది. ఆ మెయిల్‌కి సబ్జెక్టు ఏం పెట్టావని అడిగాను. "ఒక సందేహం" అని పెట్టిందట. ఆ సందేహమేమిటో తనకు తెలుసు కాబట్టి తనకది స్పష్టంగానే ఉంది. అందుకున్నవారి పెట్టెలో ఆ రెండు మాటలు ఎలా కనబడతాయో మాత్రం తను ఎప్పుడూ చూడలేదు.

నా స్క్రిప్టులో లోపం అక్కడే ఉంది. నేను మెయిల్ రాసేవారి పక్కన కూర్చుని పాఠం చెబుతున్నాను. చూసేవాళ్లను తీసుకెళ్లి మెయిల్ అందుకునేవారి కుర్చీలో కూర్చోబెట్టాలి.

రెండో చిత్తుప్రతికి ఒక సందర్భం ఎంచుకున్నాను. ఒక బ్రాంచిలో గృహరుణం మంజూరైంది, కానీ ఖాతాదారుడు తీసుకునేలోగా శాంక్షన్ గడువు తీరిపోయింది. దాన్ని మళ్లీ చెల్లుబాటు చేస్తూ రీజినల్ ఆఫీసు అనుమతి ఇవ్వాలి. శుక్రవారం ఉదయం రిజిస్ట్రేషన్. అమ్మేవారి పేరిట బ్యాంకర్స్ చెక్ అప్పటికి సిద్ధంగా లేకపోతే ఖాతాదారుడు ఇచ్చిన అడ్వాన్సు చిక్కులో పడుతుంది. బ్రాంచిలోని కొత్త ఆఫీసరు మంగళవారం మెయిల్ పంపాడు. సబ్జెక్టు: "అర్జెంట్". లోపల ఒకటే వాక్యం: "పై విషయమై తగు చర్య తీసుకోగలరు." (తెర మీద ఇవి ఇంగ్లీషులోనే ఉంటాయి, చదువరుల సౌకర్యం కోసం తెలుగులో ఇస్తున్నాను.)

వీడియో ఆ కుర్రాడి ముఖంతో మొదలవదు. బుధవారం ఉదయం రీజినల్ ఆఫీసులోని అధికారి మెయిల్ పెట్టెతో మొదలవుతుంది. చదవని మెయిళ్లు పన్నెండు. వాటిలో నాలుగింటి సబ్జెక్టు "అర్జెంట్", మూడింటిది "అభ్యర్థన". ఐదు సెకన్లు మాట ఉండదు. తర్వాత ఒక ప్రశ్న వినిపిస్తుంది: "వీటిలో ఎల్లుండి రిజిస్ట్రేషన్ ఉన్న ఖాతాదారుడి మెయిల్ ఏది?" చూసేవాళ్లు వెతుకుతారు, దొరకదు. నేను పది సూత్రాలతో చెప్పలేనిది ఆ దొరక్కపోవడం చెబుతుంది.

ఇక దిద్దుబాటు. మొత్తం మెయిల్‌ను ఒకేసారి మార్చి "ముందు", "తర్వాత" అని పక్కపక్కన చూపితే ఏది ఎందుకు మారిందో తెలియదు. అందుకే ఒక్కొక్క మార్పూ విడిగా జరుగుతుంది. ముందు సబ్జెక్టు: "గృహరుణం – శాంక్షన్ గడువు పొడిగింపునకు అనుమతి – గురువారంలోగా". తర్వాత మొదటి వాక్యంలోనే కావలసిందేమిటో వస్తుంది. ఆపైన ఖాతా వివరాలు, జతచేసిన కాగితాల పేర్లు, చివర సంతకం కింద ఫోను నంబరు.

అన్నిటికంటే ఎక్కువసేపు ఆగింది గడువు చెప్పే వాక్యం దగ్గర. కొత్తవాళ్లకు నిజంగా ఇబ్బంది పెట్టేది ఇదే. పై అధికారికి "గురువారంలోగా పంపండి" అని రాయడానికి చెయ్యి రాదు, ఆజ్ఞాపించినట్టు ఉంటుంది. అందుకని తేదీ వదిలేసి "వీలైనంత త్వరగా" అంటారు, పని ఆగిపోతుంది. గౌరవం కోసం తేదీ మానేయనక్కర్లేదు, పక్కన కారణం పెడితే చాలు: "మీ అనుమతి గురువారం సాయంత్రం 4 గంటలలోగా అందితే, శుక్రవారం ఉదయం రిజిస్ట్రేషన్‌కు బ్యాంకర్స్ చెక్ సిద్ధం చేయగలము." ఇందులో ఆజ్ఞ లేదు, అవతలివాళ్లు నిర్ణయం తీసుకోవడానికి కావలసినదంతా ఉంది. ఈ ఒక్క వాక్యానికి ఇరవై సెకన్లు ఇచ్చాను.

సెకన్ల లెక్క కూడా ఒక పాఠమే. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టుకుని పైకి చదివితే నేను నిమిషానికి దాదాపు వంద మాటలు చెబుతున్నాను. అంటే రెండు నిమిషాలకు రెండు వందలు. కానీ తెర మీద అక్షరాలు కనబడుతుండగా నేను వేరేదేదో మాట్లాడితే చూసేవాళ్లు చదవనూ లేరు, విననూ లేరు. అక్కడ నోరు మూసుకోవాలి. ఆ మౌనాలు తీసేస్తే మిగిలింది నూట ముప్ఫై మాటలు. నా మొదటి చిత్తుప్రతిలో మూడు వందలు దాటాయి! అప్పటినుంచి కాగితం మధ్యలో గీత గీసి ఎడమవైపు "తెర", కుడివైపు "మాట" అని రాసుకుంటున్నాను. ఎడమవైపు అక్షరాలుంటే కుడివైపు ఖాళీ. చాలామంది ఫోనులోనే చూస్తారు కాబట్టి తెర మీద ఒకసారికి నాలుగు వరుసలు మించనివ్వలేదు.

అసలు మెయిల్ పెట్టెను చిత్రించకూడదు. ఖాతాదారుల వివరాలు, సహోద్యోగుల పేర్లు అందులో పడతాయి. నకిలీ పెట్టె తయారుచేసి, కల్పిత పేర్లు, కల్పిత ఖాతా నంబర్లు వేశాం.

చిత్రీకరణకు ముందు ఆరుగురు ట్రైనీలకు కాగితం మీదే స్క్రిప్టు చదివించి, బొమ్మలు చూపించాం. "అర్థమైందా?" అంటే అందరూ అయిందంటారు, దాని వల్ల ఏమీ తెలియదు. కాబట్టి మరునాడు వేరే సందర్భం ఇచ్చి మెయిల్ రాయమన్నాం. ఒక పెన్షనరు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినా పెన్షన్ జమ కాలేదు, సంబంధిత విభాగానికి రాయండి అని. ఐదుగురి సబ్జెక్టు చక్కగా ఉంది. అయితే ఆ ఐదుగురూ సబ్జెక్టులోనే పెన్షనరు పూర్తి ఖాతా నంబరు వేశారు.

ఎందుకు వేశారని కోపం వచ్చింది, స్క్రిప్టు తిరగేస్తే పోయింది. దిద్దిన మెయిల్ సబ్జెక్టులో "గృహరుణం" పక్కన పూర్తి ఖాతా నంబరు వేసింది నేనే. నంబరు కల్పితమే కదా అని పట్టించుకోలేదు. సబ్జెక్టు వరుస ఫోను లాక్ చేసి ఉన్నా నోటిఫికేషన్‌లో బయటికి కనబడవచ్చు, మెయిల్‌ను ఎవరికి ఫార్వర్డ్ చేస్తే వారివరకూ అదే సబ్జెక్టు వెళ్తుంది. పిల్లలు నా మాటలకంటే నా ఉదాహరణను ఎక్కువ నమ్మారు, అందులోని తప్పుతో సహా దించుకున్నారు. మూడో చిత్తుప్రతిలో ఆ నంబరు తీసేసి బ్రాంచి పేరు పెట్టాను, మెయిల్ లోపల నంబరులో చివరి నాలుగంకెలు మాత్రమే ఉంచాను. మీరు పైన చదివినది ఈ నంబరు తీసేసిన తర్వాతి రూపమే.

ఇప్పుడు "రిప్లై ఆల్" మీద నాలుగో స్క్రిప్టు నడుస్తోంది. రెండు వందల మందికి వెళ్లిన సర్క్యులర్‌కు ఒకరు "థాంక్యూ సర్" అని అందరికీ జవాబిస్తారు, మరొకరు "నన్ను ఈ జాబితా నుంచి తీసేయండి" అని అదీ అందరికే పంపుతారు. నవ్వు తెప్పించడం తేలికే. ఆ థాంక్యూ చెప్పిన పిల్ల వీడియో చూసి తలవంచుకోకుండా రాయడమే కష్టంగా ఉంది. ఆమె మర్యాదగానే ఉంది, పొరపాటల్లా బటన్ దగ్గరే. మా అక్క కూతురు దీన్నీ వినిపించమంటోంది. తన మేనేజర్ దగ్గర్నుంచి ఆ జవాబు వచ్చిందో లేదో ఆ రోజు అడగాలి.