చివరి నెలలో కాంట్రాక్టు, టార్టు

ప్రశ్న: మాది జమ్మలమడుగు. లా చదువుతున్నాను. కాంట్రాక్టు, టార్టు పేపర్లకు ఇంకా నెలే ఉంది. రోజులు ఎలా పంచుకోమంటారు సార్?

జవాబు: మొదటి 12 రోజులు కాంట్రాక్టుకు, తర్వాతి 10 టార్టుకు ఇవ్వమ్మా. చివరి 8 రోజులు పాత ప్రశ్నపత్రాలకు గడియారం పెట్టుకుని జవాబులు రాయి. కాంట్రాక్టును 1872 చట్టం సెక్షన్ల వరుసలో చదవచ్చు. టార్టుకు చాలావరకు తీర్పులే ఆధారం కాబట్టి రోజుకో సూత్రం, దానిపై ఎదురెదురుగా నిలిచే రెండు కేసులు తీసుకో.

ఉదాహరణకు ప్రభుత్వ బాధ్యత. ఉదయం కస్తూరిలాల్ (1965) కేసు చదువు. పోలీసులు పట్టుకున్న బంగారం పోయినా, అది సార్వభౌమ విధుల్లో జరిగిందని ప్రభుత్వంపై కోర్టు బాధ్యత మోపలేదు. మధ్యాహ్నం చల్లా రామకృష్ణారెడ్డి (2000) కేసు. సబ్‌జైల్లో ఉన్న తండ్రీకొడుకులు ప్రాణభయం ఉందని చెప్పినా పోలీసులు కాపలా పెంచలేదు. 1977లో కోయిలకుంట్ల సబ్‌జైలుపై బాంబుదాడిలో తండ్రి చనిపోయారు, కొడుకు గాయపడ్డారు. జీవించే హక్కు ముందు సార్వభౌమ విధుల మినహాయింపు చెల్లదని సుప్రీంకోర్టు పరిహారాన్ని సమర్థించింది.

సాయంత్రం పుస్తకం మూసి వాస్తవాలు, వివాదాంశం, తీర్పు, కారణం రాయి. ఒకటి ఆస్తి నష్టం, రెండోది ప్రాణ నష్టం అన్న తేడా నీ జవాబులో కనిపించకపోతే, మర్నాడు ముందు అదే మళ్లీ రాయి.